కమిటీ నోట్సు కుప్పలోంచి ఒక్క నిమిషం ప్రోమో: విదేశాల్లోని తెలుగు సంఘానికి స్క్రిప్ట్ రాసే పద్ధతి

ఒడిశాలో బరంపురంలోనో పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఉంటూ తెలుగు బాగా రాస్తారని పేరు పడినవాళ్ళకి ఏటా ఈ పని తగులుతూనే ఉంటుంది. అమెరికాలో ఉన్న బావగారో, సింగపూర్‌లో ఉన్న పిన్ని కొడుకో అక్కడి తెలుగు సంఘం కమిటీలో ఉంటారు. ఉగాదికో దీపావళికో సాంస్కృతిక కార్యక్రమం పెట్టుకుంటారు. "ప్రోమోకి ఒక్క నిమిషం స్క్రిప్ట్ రాసి పెట్టు, వివరాలన్నీ పంపిస్తాను" అంటారు. ఆ వివరాలు వాట్సాప్ మెసేజీలుగా, వాయిస్ మెసేజీలుగా, ఎక్సెల్ షీటుకి తీసిన ఫోటోగా, సగం ఇంగ్లీషు సగం తెలుగు మినిట్స్‌గా ముక్కలు ముక్కలుగా వచ్చిపడతాయి.

తెలుగు రాయడం చేతనైనవాళ్ళకి ఇక్కడ వచ్చే ఇబ్బంది భాషతో కాదు. ప్రోమోలో చెప్పిన ప్రతి మాటా సంఘం నలుగురిలో ఇచ్చిన మాట అవుతుంది. టైము, టికెట్ ధర, భోజనం, వచ్చే కళాకారులు, వీటిలో ఏ ఒక్కటి తర్వాత మారినా జనం కమిటీనే నిలదీస్తారు. అందుకని ఈ పనిలో సగానికి పైగా శ్రమ ఏది నిజంగా తేలింది, ఏది ఇంకా గాలిలో ఉంది అని విడదీయడానికే పోతుంది. అది తేలితే రాయడం ఒక పూట పని.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. 2026 ఉగాది మార్చి 19, గురువారం వచ్చింది. పనిదినం కాబట్టి అక్కడి సంఘాలు సంబరాన్ని ఆ తర్వాతి శనివారాల్లో ఏదో ఒకదానికి జరుపుకుంటాయి. మన ఉదాహరణలో అది మార్చి 28. ఊరు అమెరికాలో సెంట్రల్ టైము నడిచేది. కమిటీలో మన గంజాం, గజపతి జిల్లాల వైపు నుంచి వెళ్ళినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. నోట్సు ఈ వ్యాసం కోసం కూర్చినవే, కానీ మీకు వచ్చేవి కూడా అచ్చం ఇలాగే ఉంటాయి.

మొదట అన్నీ ఒకచోటికి చేర్చండి

గ్రూపులో మిమ్మల్ని చేర్చుకోమని అడగకండి. చేరితే రోజుకి రెండొందల మెసేజీల్లో మునిగిపోతారు. కమిటీలో ఒకరిని చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి ఫైలుగా పంపమనండి. వాయిస్ మెసేజీలు ఆ ఫైలులో మాటలుగా రావు, వాటిని విడిగా ఫార్వర్డ్ చేయించుకుని మీరే విని రాసుకోవాలి. ఈ పని విసుగే గానీ మానకండి. కమిటీ పెద్దలు టైపు చేయరు, అసలు నిర్ణయాలన్నీ గొంతులోనే చెబుతారు.

విన్నదీ చదివిందీ ఒక్కో సంగతి ఒక్కో వరసలో రాయండి. ఎవరు అన్నారో, ఏ రోజు అన్నారో పక్కనే ఉండాలి. మన ఉదాహరణలో అది ఇలా తయారవుతుంది:

- కల్చరల్ సెక్రటరీ, మెసేజ్: హైస్కూల్ ఆడిటోరియం ఓకే. 28 శనివారం, 3 నుంచి 10 దాకా మనదే.
- ప్రెసిడెంట్, వాయిస్: ప్రోగ్రాం మూడున్నరకని వేయండి, అప్పుడే మనవాళ్ళు ఐదింటికైనా వస్తారు.
- ఎక్సెల్ షీటు: మొదటి ఐటమ్ 4:30. మొత్తం 17 ఐటమ్‌లు. పిల్లల దింసా, కూచిపూడి, పౌరాణిక పద్యనాటకం, ఫ్యాషన్ షో, మరికొన్ని.
- ట్రెజరర్, మెసేజ్: ఫ్యామిలీ టికెట్ 60, మెంబర్లు కానివాళ్ళకి 80. 15 వరకు 10 తగ్గింపు.
- ఫుడ్ కమిటీ, వాయిస్: పులిహోర, గుత్తివంకాయ, బొబ్బట్లు. క్యాటరర్‌కి 20 కల్లా లెక్క చెప్పాలి.
- వైస్ ప్రెసిడెంట్, మెసేజ్: సింగర్ గారు ఒప్పుకున్నారు!! ప్రోమోలో పెద్దగా వేయండి. వీసా ఇంటర్వ్యూ వచ్చే వారం.
- ఇంకొకరు: జ్యోతి ప్రజ్వలన షాట్ తప్పకుండా ఉండాలి.
- ఇంకొకరు: స్పాన్సర్లందరి పేర్లు చదవాలి.
- ఇంకొకరు: లైవ్ పెడతామా? ఇండియాలో మావాళ్ళు అడుగుతున్నారు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. వాట్సాప్ ఏ ఫోన్‌లో ఉంటే ఆ ఫోన్ టైమే చూపిస్తుంది. అక్కడ శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి నేరుగా మీకు పంపిన మెసేజ్, ఫిబ్రవరిలో అయితే, మీ ఫోన్‌లో శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి వచ్చినట్టు కనిపిస్తుంది. అందులో "రేపు తేల్చేద్దాం" అని ఉంటే ఆ రేపు శనివారం. మీరు మాత్రం ఆదివారం అనుకుంటారు. పైగా మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారాలు ఒక గంట ముందుకి జరుగుతాయి. 2026లో అది మార్చి 8. అప్పటిదాకా సెంట్రల్ టైముకీ మనకీ పదకొండున్నర గంటల తేడా, ఆ తర్వాత పదిన్నర గంటలు. కాబట్టి మీ నోట్సులో "రేపు", "ఈ శనివారం", "ఎల్లుండి" అన్న మాటలు ఎక్కడున్నా చెరిపేసి, తారీఖు వేసుకోండి. అదీ వాళ్ళ తారీఖు.

తేలినదీ తేలనిదీ విడదీయండి

ఇప్పుడు ప్రతి వరస పక్కన ఒక గుర్తు పెట్టండి. తేలింది, తేలలేదు, మనకి అక్కర్లేదు. ఈ మూడు చాలు.

గుర్తు పెట్టేటప్పుడు ఎవరు ఆఖరున చెప్పారన్నది చూడకండి, ఆ పని ఎవరి చేతిలో ఉందో చూడండి. హాలు సంగతి హాలు కాగితం మీద సంతకం చేసినవాళ్ళది. డబ్బు సంగతి ట్రెజరర్‌ది. ఐటమ్‌ల వరస కల్చరల్ సెక్రటరీది. ధర గురించి ప్రెసిడెంట్ గారు ఒక మాట, ట్రెజరర్ ఒక మాట చెప్పి ఉంటే ట్రెజరర్ మాట రాసుకుని, ప్రెసిడెంట్ గారి మాట పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకోండి. ఎవరి మనసూ కష్టపెట్టకుండా అడిగే దారి ఎలాగూ ఉంది, కింద చెబుతాను.

సింగర్ సంగతి తీసుకోండి. "ఒప్పుకున్నారు" అన్న మాట పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు ఉన్నా సరే, వీసా చేతికి రాలేదు కాబట్టి ఇది తేలని సంగతే. ఆ పేరు చూసి టికెట్ కొన్నవాళ్ళు ఆమె రాకపోతే డబ్బు వెనక్కి అడుగుతారు. అసలు ప్రోమోలో ఆమె ఊసే వద్దు. వీసా వచ్చాక పదిహేను సెకన్ల చిన్న క్లిప్ విడిగా వేసుకోవచ్చు, దానికి వచ్చే స్పందన కూడా బాగుంటుంది.

జ్యోతి ప్రజ్వలన కూడా అలాంటిదే. అమెరికాలో చాలా స్కూల్ ఆడిటోరియాల్లో నిప్పు వెలిగించనివ్వరు, హాలు కాగితంలోనే ఆ నియమం రాసి ఉంటుంది. అక్కడివాళ్ళు అందుకే కరెంటు దీపాలతో కానిస్తారు. మీరు "దీపం వెలిగిస్తాం" అని రాసి, తెర మీద మంట చూపిస్తే హాలువాళ్ళు ఆ వీడియో చూసి ఫోన్ చేసే అవకాశం ఉంది. హాలు కాగితం ఒక్కసారి చూసి చెప్పమని అడగండి.

స్పాన్సర్ల పేర్లు అందరూ అక్కర్లేదని కొట్టేస్తారు, లేదా అన్నీ చదివించేస్తారు. రెండూ తప్పే. స్పాన్సర్లకి ఇచ్చిన ప్యాకేజీ కాగితంలో ఏమని రాశారో ట్రెజరర్‌ని అడగండి. "ప్రోమోలో లోగో" అని ఉంటే చివరి తెర మీద లోగో వేస్తే సరిపోతుంది. "ప్రోమోలో పేరు చదవడం" అని రాసి ఇచ్చి ఉంటే మాత్రం చదవాల్సిందే, అది డబ్బు తీసుకుని ఇచ్చిన మాట.

ఇక మిగిలినవాటిని ఒకే ఒక్కరికి, ఒకే ఒక్క మెసేజ్‌గా పంపండి. గ్రూపులో పడేస్తే పదకొండు జవాబులు వస్తాయి. "టైము గురించి ఏమంటారు?" అని జవాబు వాళ్ళకే వదిలి అడిగితే మళ్ళీ చర్చ మొదలవుతుంది కాబట్టి, జవాబు మీరే రాసి, ఔను కాదు అనిపించుకునేలా అడగాలి:

- తలుపులు 4 గంటలకి, మొదటి ఐటమ్ 4:30కి అని రాస్తున్నాను. సరేనా?
- తగ్గింపు మార్చి 15 రాత్రి 12 వరకు, మీ టైము ప్రకారం. మెంబర్లకీ మిగతావాళ్ళకీ ఇద్దరికీ 10 డాలర్లే కదా?
- హాలులో నిప్పు వెలిగించొచ్చా? జవాబు లేకపోతే దీపం షాట్ తీసేస్తాను.
- స్పాన్సర్లకి పేరు చదువుతామని ఇచ్చారా, లోగో వరకేనా?
- లైవ్ ఉందా లేదా? తేలకపోతే ప్రోమోలో పెట్టను.

చూశారు కదా, ప్రెసిడెంట్ గారి మూడున్నరని ఎవరి పేరూ ఎత్తకుండా పక్కకి జరిపాం. ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతాను, తప్పుడు టైము వేయకండి. మూడున్నరకని నమ్మి చంటిపిల్లలతో వచ్చినవాళ్ళు మూసిన తలుపుల ముందు నిలబడతారు, వచ్చే ఏడాది వాళ్ళు కూడా ఐదింటికే వస్తారు. తలుపులు తీసే టైము ఒకటి, తెర లేచే టైము ఒకటి, రెండూ నిజమైనవి చెబితే జనం తమ వీలు చూసుకుని వస్తారు.

మన ఉదాహరణలో జవాబులు ఇలా వచ్చాయనుకుందాం. టైము సరే. తగ్గింపు ఇద్దరికీ ఒకటే. నిప్పు కుదరదు. స్పాన్సర్లకి లోగో మాత్రమే. లైవ్ ఉంది, కానీ సంఘం మెంబర్ల బంధువులకి లింకు విడిగా పంపుతారు.

ఎవరితో మాట్లాడుతున్నాం, ఏం చేయమంటున్నాం

పదిహేడు ఐటమ్‌లూ నిమిషంలో పట్టవు. రెండు ఎంచుకోవాలి. ఎంచుకునేటప్పుడు చూసేవాడి కంటికి వెంటనే కనబడేవీ, వేరే సంఘాల ప్రోమోల్లో కనబడనివీ తీసుకోండి. ఫ్యాషన్ షో ప్రతి ప్రోమోలోనూ ఉంటుంది. పిల్లల దింసా, పెద్దల పద్యనాటకం ఈ సంఘానికే ప్రత్యేకం. దింసా గురించి ఒక్క మాట. అది అరకు, కొరాపుట్ కొండల్లోని గిరిజనుల ఆట. "ఫోక్ డాన్స్" అని చుట్టేయకుండా ఆ కొండల పేరు చెప్పండి. రెండు మాటలు ఎక్కువైనా ఆ ఆట ఎవరిదో వాళ్ళకి దక్కాలి.

తర్వాత, ప్రోమో చూసినవాళ్ళు చేయాల్సిన పని ఒక్కటే ఉండాలి. మన నోట్సులో రెండు గడువులున్నాయి, 15న తగ్గింపు ముగుస్తుంది, 20న క్యాటరర్‌కి లెక్క చెప్పాలి. రెండూ చెబితే జనానికి రెండోదే గుర్తుంటుంది, అందరూ 19 రాత్రి టికెట్ తీసుకుంటారు. కాబట్టి ఇప్పటి ప్రోమోలో 15 మాత్రమే చెప్పండి. 16 నుంచి వాడే ప్రోమోకి ఆ ఒక్క వాక్యం మార్చి "20 లోపు తీసుకుంటేనే భోజనం" అని పెట్టొచ్చు.

పిలుపు దగ్గర ఒక అలవాటు మానుకోవాలి. "రెండు తెలుగు రాష్ట్రాల ప్రజలందరికీ ఆహ్వానం" అని చాలా సంఘాల ప్రకటనల్లో రాస్తారు. గంజాం నుంచో గజపతి నుంచో వెళ్ళినవాళ్ళు అది వింటే తమని పిలవలేదనే అనుకుంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పటి నుంచీ మన ఇళ్ళల్లో తెలుగు అలాగే ఉంది, రాష్ట్రం పేరే మారింది. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరోంచ నుంచి వెళ్ళినవాళ్ళ సంగతీ అంతే. "తెలుగు మాట్లాడే ప్రతి ఇంటికీ" అని రాస్తే అందరూ వస్తారు. ఇది మీరు చెప్పకపోతే కమిటీలో ఎవరికీ తట్టదు.

ఇక రాయడం

చెవికి రాయాలి. "విచ్చేసి జయప్రదం చేయవలసిందిగా కోరుచున్నాము" అన్నది కాగితం మీద గౌరవంగానే ఉంటుంది గానీ, గొంతులో పలికించేసరికి బరువెక్కి ఊపిరి సరిపోదు. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పనిచేసింది మన పర్లాకిమిడిలోనే. కనీసం మనం రాసే స్క్రిప్టులోనైనా జనం మాట్లాడే తెలుగు ఉండాలి.

అంకెలన్నీ అక్షరాల్లో రాయండి. 28/3 అని ఉంటే అక్కడ పెరిగిన పిల్ల తడుముకుంటుంది, పైగా అమెరికాలో నెల ముందు రాస్తారు. "మార్చి ఇరవై ఎనిమిది, శనివారం" అని రాస్తే ఎవరు చదివినా ఒకేలా వస్తుంది. హాలు అడ్రసు, వెబ్‌సైటు పేరు గొంతులో చదివించకండి, తెర మీద వేయండి. విన్న అడ్రసు ఎవరికీ గుర్తుండదు.

నిడివి విషయానికొస్తే, తెలుగు మాటలు పొడుగు. ఇంగ్లీషు స్క్రిప్టుకి చెప్పే లెక్కలు మనకి పనికిరావు. హడావుడి లేకుండా, మధ్యలో సంగీతానికి చోటు వదిలి చదివితే నిమిషానికి ఎనభై తొంభై మాటల కన్నా ఎక్కువ పట్టవు. రాసింది ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని బయటికి చదవండి. మనసులో చదివితే ఎప్పుడూ తక్కువే పడుతుంది. యాభై సెకన్లు దాటితే కోత వేయండి, మిగిలిన పది సెకన్లు బొమ్మకీ డప్పుకీ కావాలి.

చాలామంది మొదటి చిత్తు ఇలా ఉంటుంది: "ప్రతి సంవత్సరంలాగే ఈ సంవత్సరం కూడా మన సంఘం ఆధ్వర్యంలో ఉగాది సంబరాలు అంగరంగ వైభవంగా నిర్వహించబడుతున్నాయి. ఈ సందర్భంగా వివిధ సాంస్కృతిక కార్యక్రమాలు, పసందైన విందు..." ఇందులో చూసేవాడికి తెలియని సంగతి ఒక్కటి కూడా లేదు. పన్నెండు సెకన్లు పోయాయి. "వివిధ", "పసందైన", "అంగరంగ వైభవంగా" ఎక్కడ కనబడినా కొట్టేసి, ఆ చోట ఐటమ్ పేరో వంటకం పేరో పెట్టండి.

మన ఉదాహరణకి పూర్తయిన స్క్రిప్ట్ ఇది. తెర మీద కనబడేది ఒక వరస, వినబడేది ఒక వరస:

తెర: ఫోన్ చెవిన పెట్టుకున్న పాప. కాళ్ళకి గజ్జెలు.
అమ్మమ్మ గొంతు, ఫోన్‌లోంచి: ఏటమ్మా, ఉగాదికి ఏటి చేస్తన్నారు అక్కడ?
పాప: నేను దింసా ఆడుతున్నాను అమ్మమ్మా!

తెర: రిహార్సల్లో చేతులు కలిపి అడుగులేస్తున్న పిల్లలు. డప్పు.
వ్యాఖ్యాత: అరకు, కొరాపుట్ కొండల దింసా ఈ ఉగాదికి మన పిల్లల కాళ్ళల్లో.

తెర: కిరీటం సర్దుకుంటున్న చేతులు. హార్మోనియం.
వ్యాఖ్యాత: పగలంతా ఆఫీసు, రాత్రయితే రాగం. మన పెద్దలు పద్యనాటకం వేస్తున్నారు.

తెర: తారీఖు, హాలు పేరు, అడ్రసు.
వ్యాఖ్యాత: మార్చి ఇరవై ఎనిమిది, శనివారం. నాలుగింటికి తలుపులు తీస్తాం. నాలుగున్నరకి తెర లేస్తుంది.

తెర: నేతిలో కాలుతున్న బొబ్బట్టు.
వ్యాఖ్యాత: తర్వాత భోజనం. పులిహోర, గుత్తివంకాయ, వేడి వేడి బొబ్బట్లు.

తెర: స్కాన్ కోడ్, టికెట్ ధరలు.
వ్యాఖ్యాత: మార్చి పదిహేను రాత్రి లోపు తీసుకుంటే టికెట్ పది డాలర్లు తక్కువ. తెర మీద కోడ్ స్కాన్ చేయండి.

తెర: అందరూ కలిసి. తర్వాత లోగోలు.
వ్యాఖ్యాత: తెలుగు మాట్లాడే ప్రతి ఇంటికీ ఇదే మా పిలుపు.
పాప: అమ్మమ్మ అడిగింది, మీరు వస్తున్నారా అని!

ఇది కమిటీకి పంపినప్పుడు "బొబ్బట్లు వేడిగా పెడతారా?" అని ఫుడ్ కమిటీని అడగండి. ముందే చేసి తెచ్చేవైతే "వేడి వేడి" తీసేయాలి. ఇంత చిన్న మాటే కదా అనుకోవద్దు, బొబ్బట్టు చల్లారి ఉంటే జనం ముందు గుర్తుచేసేది ఆ మాటనే.

చదివేవాళ్ళ చేతికి ఏ అక్షరాల్లో ఇవ్వాలి

స్క్రిప్ట్ బాగున్నా ప్రోమో పాడయ్యేది ఇక్కడే. అక్కడి పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చాలామందికి చదవడం రాదు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. ఆ అక్షరాల్లో ద, డ ఒకటే, త, ట ఒకటే, న, ణ ఒకటే. "తలుపు" అన్నది "టలుపు" అయినా పిల్లకి తేడా తెలియదు. మన దగ్గర ఇంకో రకం ఇబ్బంది ఉంది. ఒడియా మీడియంలో చదివిన మనవాళ్ళలో కొందరు తెలుగుని ఒడియా అక్షరాల్లో రాసుకుంటారు. ఒడియా లిపిలో ఎ, ఏలకి విడివిడి గుర్తుల్లేవు, ఒ, ఓలకీ లేవు. కాబట్టి మెడకీ మేడకీ తేడా కాగితం మీద ఉండదు, చదివేవాళ్ళు ముందే తెలుసుకుని ఉండాలి.

దీనికి తేలికైన మందు ఒకటుంది. మొత్తం స్క్రిప్ట్ మీరే నెమ్మదిగా చదివి, ఒక్కో వాక్యం ఒక్కో వాయిస్ మెసేజ్‌గా పంపండి. పిల్ల విని, అదే పలికి రికార్డు చేస్తుంది. కాగితం గుర్తుకోసమే. పిల్లలు వినికిడితో చాలా త్వరగా పట్టుకుంటారు.

అమ్మమ్మ గొంతు మాత్రం మన దగ్గరే రికార్డు చేయించండి. నిజంగా మనవరాలు అక్కడున్న పెద్దావిడ దొరికితే ఇంకా మంచిది. ఆవిడకి కాగితం ఇవ్వకండి. "మీ మనవరాలికి ఫోన్ చేసి ఉగాదికి ఏం చేస్తున్నారని అడిగినట్టు అనండి" అని చెప్పి, ఆవిడ ఎలా అంటే అలా రానివ్వండి. "ఏటమ్మా, ఏటి చేస్తన్నారు" అనే వస్తుంది. కమిటీలో ఎవరో ఒకరు దాన్ని "ఏంటమ్మా, ఏం చేస్తున్నారు" అని దిద్దమంటారు. దిద్దకండి. ఆ యాస వింటేనే మన వైపు నుంచి వెళ్ళినవాళ్ళు చేస్తున్న పని ఆపి వీడియో చూస్తారు. ఫ్యాన్ ఆపేసి, కిటికీలు మూసి, పరుపులూ బట్టలూ ఉన్న గదిలో ఫోన్ జానెడు దూరంలో పెట్టి రికార్డు చేస్తే చాలు. ఎలాగూ ఫోన్‌లోంచి వచ్చిన గొంతే కావాలి కాబట్టి స్టూడియో అక్కర్లేదు.

వెనక సంగీతానికి సినిమా పాట వాడొద్దని ముందే చెప్పండి. యూట్యూబ్, ఫేస్‌బుక్ ఆ పాటని తమంతట తామే గుర్తుపడతాయి. వీడియోలో శబ్దం పోవచ్చు, కొన్నిసార్లు వీడియోనే ఆపేస్తారు, అదీ టికెట్లు అమ్ముడుపోవాల్సిన వారంలో. రిహార్సల్లో వాళ్ళు వాయించిన డప్పు, హార్మోనియం ఫోన్‌లో పట్టుకుంటే అంతకన్నా బాగుంటుంది. పిల్లలు కనిపించే ప్రతి ముక్కకీ వాళ్ళ తల్లిదండ్రుల ఒప్పుకోలు ఒక మెసేజ్‌గానైనా తీసుకోమనండి.

మారేవాటిని విడిగా ఉంచండి

ఎంత జాగ్రత్తపడినా ఒకటి మారుతుంది. స్కూలువాళ్ళు హాలు మార్చొచ్చు, తగ్గింపు గడువు పొడిగించొచ్చు. అందుకని వ్యాఖ్యాత అంతా ఏకబిగిన చదవకూడదు. ప్రతి వాక్యం తర్వాత రెండు సెకన్లు ఆగి, మళ్ళీ మొదలుపెట్టాలి. తారీఖు, టైము, గడువు ఉన్న వాక్యాలకి వెనక సంగీతం కలపకముందు ఫైలు విడిగా దాచుకోవాలి. పై స్క్రిప్ట్‌లో "నాలుగింటికి తలుపులు తీస్తాం" ఒక వాక్యం, "నాలుగున్నరకి తెర లేస్తుంది" ఇంకో వాక్యం అయింది అందుకే. ఒకటి మారితే ఒకటే మళ్ళీ చదివించుకుంటాం, అదే గొంతు, అదే గది, అదే ఫోన్.

ముప్పై సెకన్ల ప్రోమో కూడా అడుగుతారు. కొత్తగా రాయక్కర్లేదు. అమ్మమ్మ, పాప, తారీఖు, టైము, గడువు ఉంచి, నాటకం, భోజనం, పిలుపు తీసేయండి. వాక్యాలు విడివిడిగా ఉన్నాయి కాబట్టి ఎడిట్ చేసేవాళ్ళకి పది నిమిషాల పని.

చివరగా మన ఊరి బంధువుల కోసం ఒక చిన్న క్లిప్. లైవ్ లింకు మెంబర్ల బంధువులకి ఇస్తామన్నారు కదా, వాళ్ళకి టైము మన లెక్కలో చెప్పాలి. మార్చి 28 అంటే అప్పటికి అక్కడ గడియారాలు ముందుకి జరిగి ఇరవై రోజులు, తేడా పదిన్నర గంటలు. అక్కడ సాయంత్రం నాలుగున్నర అంటే మనకి ఆదివారం తెల్లవారుజాము మూడు. ఫిబ్రవరి నాటి లెక్కతో పదకొండున్నర కలిపితే నాలుగు అవుతుంది, అప్పటికి మనవరాలి దింసా అయిపోయి ఉంటుంది. "శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం, మూడింటికి" అని రాయండి. ఉత్తి "ఆదివారం మూడింటికి" అంటే మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటారు. అంత పొద్దున్నే లేవలేని పెద్దవాళ్ళ కోసం రికార్డింగ్ ఎప్పుడు పెడతారో కల్చరల్ సెక్రటరీని అడిగి, ఆ రోజు తేలితే అదీ ఒక వాక్యం చేర్చండి.